క్రియాటిన్ నిషేధిత పదార్థం కాదు: అయినా డబ్బా తెరిచే ముందు ఫెడరేషన్ నియమాలను ఎలా సరిచూసుకోవాలి

పోటీలకు వెళ్లే క్రీడాకారులు క్రియాటిన్ గురించి మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇది వాడితే డోపింగ్ పరీక్షలో దొరుకుతామా? వాడా అని అందరూ పిలిచే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఏటా ప్రకటించే నిషేధిత జాబితాలో క్రియాటిన్ లేదు. దాన్ని వాడటానికి వైద్య కారణాలతో ఇచ్చే మినహాయింపు పత్రం కూడా అక్కర్లేదు. ప్రశ్నకు జవాబు దొరికింది కదా అని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు.

అయితే ఆ జవాబు క్రియాటిన్ అనే పదార్థానికి మాత్రమే వర్తిస్తుంది. మీరు నోట్లో వేసుకునేది ఏదో ఒక ఫ్యాక్టరీలో, ఏదో ఒక యంత్రంలో కలిసి, ఒక డబ్బాలోకి చేరిన పొడి. మీరు దిగబోయే పోటీని నడిపే సమాఖ్యకు తనదైన నియమావళి ఉంటుంది. మీ క్రీడలో బరువు తూకం ఉంటే ఆ తూకానికీ కొన్ని నియమాలు ఉంటాయి. క్రియాటిన్ వాడి చిక్కుల్లో పడేవారు దాదాపు అందరూ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని చూడకపోవడం వల్లే పడతారు. అందుకే వీటిని ఒక వరుసలో ఎలా సరిచూసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా, నిషేధం ఎందుకు లేదో తెలుసుకోండి

కారణం తెలియకుండా ఫలితం మాత్రమే గుర్తుంచుకుంటే, అదే తర్కాన్ని తప్పు పదార్థానికి వర్తింపజేసే ప్రమాదం ఉంది. వాడా నియమావళి ప్రకారం ఒక పదార్థాన్ని జాబితాలో చేర్చాలా వద్దా అని ఆలోచించేటప్పుడు మూడు కొలమానాలు చూస్తారు. అది క్రీడా సామర్థ్యాన్ని పెంచుతుందా లేదా పెంచగలదా, క్రీడాకారుడి ఆరోగ్యానికి హాని చేస్తుందా లేదా చేయగలదా, క్రీడా స్ఫూర్తికి విరుద్ధమా అన్నవే ఆ మూడు. వీటిలో కనీసం రెండు వర్తిస్తే ఆ పదార్థాన్ని చేర్చడానికి పరిశీలిస్తారు.

మొదటి కొలమానం క్రియాటిన్‌కు వర్తిస్తుందనడంలో సందేహం లేదు. కండరం ఒక్కసారిగా బలం ప్రయోగించినప్పుడు ఖర్చయ్యే, కణాలకు తక్షణ శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును, కండరంలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ కొన్ని సెకన్లపాటు తిరిగి నింపుతుంది. క్రియాటిన్ తీసుకుంటే ఆ నిల్వ పెరుగుతుంది, కాబట్టి చిన్న పరుగులు, బరువులు ఎత్తడం, మధ్యలో కొద్దిపాటి విరామంతో మళ్లీ మళ్లీ చేసే తీవ్రమైన వ్యాయామం వంటి వాటిలో కొంత లాభం కనిపిస్తుంది. రెండో కొలమానం దగ్గరకు వస్తే, ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకున్నప్పుడు హాని జరుగుతుందని దశాబ్దాల పరిశోధన చూపలేదు. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల రెజ్లర్లు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో కొద్ది వారాల వ్యవధిలో మరణించినప్పుడు తొలుత క్రియాటిన్ మీదే అనుమానం వచ్చింది. విచారణలో మాత్రం తీవ్రమైన నీటి లోటు, శరీర ఉష్ణోగ్రత పెరగడం కారణాలని తేలింది. ఇక మూడో కొలమానం: మాంసం, చేపలు తినేవారి శరీరంలోకి ఈ పదార్థం ఎలాగూ రోజూ చేరుతూనే ఉంటుంది, కాబట్టి దాన్ని తీసుకోవడం క్రీడా స్ఫూర్తికి విరుద్ధమని వాదించడం కష్టం.

ఇక్కడ ఒక అపోహను ప్రత్యేకంగా తొలగించాలి. "శరీరంలో సహజంగా తయారవుతుంది కాబట్టి నిషేధించలేదు" అని వ్యాయామశాలల్లో తరచూ వినిపించే మాట తప్పు. టెస్టోస్టెరాన్, గ్రోత్ హార్మోన్, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ కూడా శరీరంలో సహజంగానే తయారవుతాయి. బయటినుంచి వాటిని తీసుకోవడం మాత్రం నిషిద్ధమే. సహజం అన్న ముద్ర చూసి ఒక పొడిని నమ్మడం మొదలుపెడితే, రేపు మొక్కల సారం పేరుతో వచ్చే మరో పొడినీ అలాగే నమ్మేస్తారు.

మొదటి పని: మీ పోటీని ఏ నియమావళి నడుపుతోందో తేల్చుకోండి

వాడా నియమావళికి సంతకం చేసిన అంతర్జాతీయ సమాఖ్యలు, వాటి కింద ఉన్న జాతీయ సమాఖ్యలు ఆ జాబితానే పాటిస్తాయి. మీ క్రీడను నడిపే సమాఖ్య వెబ్‌సైట్‌లో డోపింగ్ నిరోధక నియమాల పేజీని తెరిచి, అది ఏ జాబితాను పాటిస్తున్నట్లు రాసి ఉందో చదవండి. వృత్తి పోరాట క్రీడల సంస్థలు, కొన్ని లీగులు, "సహజ" బాడీబిల్డింగ్ పోటీలు నిర్వహించే సంస్థలు వాడా పరిధిలో లేకుండా తమ సొంత జాబితాలతో నడవవచ్చు. ఒకే క్రీడలో రెండు సమాఖ్యలు పోటీలు పెడుతుంటే, పోయిన నెల మీరు ఆడిన పోటీ నియమాలు ఈ నెల పోటీకి వర్తించకపోవచ్చు.

జాబితాలో పేరు లేకపోయినా, ఆ పదార్థం చుట్టూ వేరే నియమం ఉండవచ్చన్నది చాలామందికి తట్టని విషయం. దీనికి పాత ఉదాహరణ అమెరికా కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ. 2000లో ఆ సంస్థ కళాశాలలు తమ క్రీడాకారులకు క్రియాటిన్ వంటి కండరాలు పెంచే సప్లిమెంట్లను పంచిపెట్టకుండా నిషేధం విధించింది. క్రీడాకారుడు తన డబ్బుతో కొనుక్కుంటే తప్పు లేదు, అదే పొడిని కోచ్ చేతినుంచి అందుకుంటే కళాశాల నియమం ఉల్లంఘించినట్లు. పదార్థం అదే, పరీక్ష ఫలితమూ అదే. నియమం మాత్రం ఎవరు ఇచ్చారన్న దాన్ని పట్టించుకుంది. మీ జట్టు, విద్యాసంస్థ లేదా క్రీడా వసతిగృహం విషయంలో ఇటువంటి షరతు ఇప్పుడు ఉందేమో మీరే అడిగి తెలుసుకోవాలి.

రెండో ఉదాహరణ సూదికి సంబంధించినది. గుండె చికిత్సలో వాడే ఫాస్ఫోక్రియాటిన్ ఇంజెక్షన్ రూపంలోనూ దొరుకుతుంది. అది క్రియాటిన్ లాంటిదే కదా అనుకునేవారు ఉంటారు. కాని వాడా జాబితాలో పదార్థాలతో పాటు పద్ధతులూ ఉంటాయి: ఆసుపత్రి చికిత్స వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, 12 గంటల వ్యవధిలో 100 మిల్లీలీటర్లకు మించి సిరలోకి ద్రవం ఎక్కించుకోవడం, ఆ ద్రవంలో ఏమున్నా సరే, నిషిద్ధం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2011లో ఇంకా ముందుకు వెళ్లి, వైద్య అవసరం లేకుండా సామర్థ్యం కోసమో కోలుకోవడం కోసమో చేసుకునే ఇంజెక్షన్లను మొత్తంగా నిషేధించింది. అంటే నోటితో తీసుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పని పదార్థం, సూది ద్వారా వెళ్తే ఒక సమాఖ్యలో ఉల్లంఘన అవుతుంది. ఈ సంగతి వాడా జాబితాలో ఆ పేరు కోసం వెతికినంతమాత్రాన కనిపించదు, సమాఖ్య సొంత నియమాల్లోనే ఉంటుంది.

సమాఖ్య డోపింగ్ నిరోధక అధికారికి లిఖితపూర్వకంగా రాయండి. నోటిమాటగా వచ్చిన జవాబు తర్వాత మిమ్మల్ని కాపాడదు. ఉత్తరం రెండు మూడు వాక్యాలకు మించనక్కర్లేదు: ఏ పోటీ, ఏ తేదీ, క్రియాటిన్‌ను మామూలుగా అమ్మే రూపమైన క్రియాటిన్ మోనోహైడ్రేట్‌ను నోటి ద్వారా తీసుకోవడంపై ఆ పోటీకి ప్రత్యేక నియమం ఏదైనా ఉందా, సప్లిమెంట్లకు ఫలానా ధ్రువీకరణ తప్పనిసరా అని అడగండి. కోచ్‌ను అడిగితే చాలదా అంటే, చాలదు. డోపింగ్ నియమాల ప్రకారం మీ శరీరంలో దొరికిన దానికి బాధ్యత మీదే, మీరు ఎంచుకున్న సలహాదారు పొరపాటు మీకు రక్షణ కాదు.

రెండో పని: జాబితాను ఆ సంవత్సరానిదే చదవండి

వాడా కొత్త జాబితాను అక్టోబరు 1 లోపు ప్రచురిస్తుంది, అది జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. మధ్యలో మూడు నెలల వ్యవధి ఉన్నా చదవనివారు చదవరు. మెల్డోనియం అనే గుండె మందు 2016 జనవరి 1న జాబితాలో చేరినప్పుడు, అంతకుముందు దాన్ని చట్టబద్ధంగానే వాడుతున్న టెన్నిస్ క్రీడాకారిణి మరియా షరపోవా అదే నెలలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇచ్చిన నమూనాలో దొరికిపోయారు. క్రియాటిన్‌కు ఇలా జరుగుతుందని నేను అనుకోవడం లేదు. అయినా మీరు వాడే పొడిలో క్రియాటిన్ ఒక్కటే లేకపోతే ఈ లెక్క మారిపోతుంది.

`wada-ama.org` లో ఆ సంవత్సరం జాబితాను తెరిచి `creatine` అని వెతికితే ఏమీ రాదు. ఆ వెతుకులాట క్రియాటిన్ వరకు సరిపోతుంది, డబ్బాపై రాసిన మిగతా పదార్థాలకు సరిపోదు. జాబితాలోని చాలా విభాగాల్లో పేర్లు ఉదాహరణలు మాత్రమే, వాటి చివర "ఇటువంటి రసాయన నిర్మాణం లేదా ఇటువంటి ప్రభావం ఉన్న ఇతర పదార్థాలు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. పేరు కనబడలేదు కాబట్టి అనుమతి ఉందన్న తీర్మానం అక్కడ చెల్లదు.

మూడో పని: డబ్బాను సరిచూడండి

సమయం ఎక్కువగా పెట్టవలసినది దీని మీదే. అసలు ప్రమాదం ఇక్కడ ఉంది.

క్రియాటిన్‌ను మార్కెట్‌లో రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి మోనోహైడ్రేట్ పొడి మాత్రమే ఉన్న డబ్బా. రెండోది వ్యాయామానికి ముందు తాగే మిశ్రమం. ఈ రెండోదానిలో క్రియాటిన్‌తో పాటు కెఫీన్, మొక్కల సారాలు, ఇంకేవో పేర్లు ఉంటాయి, కొన్నిసార్లు అవన్నీ ఒక "సొంత మిశ్రమం" పేరు కింద ఒక్కొక్కటి ఎంత ఉందో చెప్పకుండా కలిసి ఉంటాయి. పోటీలకు వెళ్లేవారు ఈ రెండో రకాన్ని పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం. మిథైల్‌హెక్సానమీన్ అనే నిషేధిత ఉత్తేజకాన్ని ఇటువంటి మిశ్రమాల్లో ఒకప్పుడు విరివిగా కలిపేవారు. లేబుల్ మీద అది జెరేనియం సారం అనో, `DMAA` అనో, `1,3-dimethylamylamine` అనో కనిపించేది. ఒకే పదార్థానికి ఇన్ని పేర్లుంటే జాబితాతో పోల్చి చూసే క్రీడాకారుడు ఏం గుర్తిస్తాడు?

లేబుల్ మీద లేనిది డబ్బాలో ఉండటం ఇంకో సమస్య. 2000, 2001 సంవత్సరాల్లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల నుంచి కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించింది. హార్మోన్లు ఉన్నాయని ఏ లేబుల్ మీదా లేదు, అయినా 94 ఉత్పత్తుల్లో, అంటే దాదాపు 15 శాతంలో, కండరాలు పెంచే అనబాలిక్ హార్మోన్లకు పూర్వరూపాలైన పదార్థాలు దొరికాయి. వీటిలో అన్నీ మోసంతో కలిపినవే కాకపోవచ్చు. ఒకే యంత్రంలో ఉదయం హార్మోన్ ఉత్పత్తి, మధ్యాహ్నం మామూలు పొడి కలిపి, మధ్యలో శుభ్రం చేయడంలో అశ్రద్ధ చూపినా చాలు. లెక్క చూడండి: మీ క్రియాటిన్‌లో పది లక్షల వంతుల్లో ఒక వంతు మలినం ఉంటే, 5 గ్రాముల మోతాదుతో 5 మైక్రోగ్రాముల నిషేధిత పదార్థం మీ శరీరంలోకి వెళ్తుంది. దానివల్ల మీ బలం ఏమీ పెరగదు. అంత చిన్న పరిమాణాన్ని కూడా కొన్ని పదార్థాల విషయంలో నేటి ప్రయోగశాలలు మూత్రంలో పట్టుకోగలవు.

అందువల్ల డబ్బాను ఇలా చూడండి. పదార్థాల జాబితాలో క్రియాటిన్ మోనోహైడ్రేట్ తప్ప మరేదీ లేనిదాన్ని ఎంచుకోండి. దానికి ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ వంటి స్వతంత్ర ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. డబ్బా మీద ముద్ర కనిపించిందని సరిపెట్టుకోకుండా, ధ్రువీకరణ సంస్థ వెబ్‌సైట్‌కు నేరుగా వెళ్లి ఆ ఉత్పత్తిని వెతకండి. డబ్బా అడుగున ముద్రించిన బ్యాచ్ నంబరు అక్కడి నమోదుతో సరిపోలాలి. అదే కంపెనీ, అదే పేరు, వేరే బ్యాచ్ అయితే ఆ పరీక్ష మీ డబ్బాకు జరగనట్టే లెక్క. "వాడా ఆమోదించింది" అని రాసిన డబ్బా కనిపిస్తే దాన్ని కొనకండి, ఎందుకంటే వాడా ఏ సప్లిమెంట్‌నూ ఆమోదించదు. ధ్రువీకరణ కూడా ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుందే తప్ప సున్నా చేయదు.

నాలుగో పని: తూకం ఉన్న క్రీడ అయితే క్యాలెండరు చూసుకోండి

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. ఫ్రీస్టైల్ రెజ్లింగ్‌లో 65 కిలోల విభాగంలో ఆడే ఒక క్రీడాకారుడు మామూలు రోజుల్లో 66.5 కిలోలు ఉంటాడు, పోటీకి ముందు ఆహారం, నీరు సర్దుకుని 65కు దిగుతాడు. పోటీకి పది రోజులు ఉండగా క్రియాటిన్ మొదలుపెట్టాడు. త్వరగా ఫలితం కావాలని రోజుకు 20 గ్రాముల చొప్పున, 5 గ్రాముల నాలుగు మోతాదులుగా ఐదు రోజులు తీసుకున్నాడు. కండరాల్లోకి క్రియాటిన్‌తో పాటు నీరు చేరుతుంది, తొలి వారంలో ఒక కిలో, కొందరిలో రెండు కిలోల దాకా బరువు పెరగడం మామూలే. ఇతని విషయంలో కిలో పెరిగి 67.5కు చేరింది. ఇక అయిదు రోజుల్లో కిలోన్నర కాదు, రెండున్నర కిలోలు దించాలి.

డోపింగ్ ఉల్లంఘన జరిగే అవకాశం ఈ ఘడియలోనే ఉంటుంది. ఎవరో ఒకరు నీటి మాత్ర వేసుకోమంటారు. ఫ్యూరోసెమైడ్ వంటి మూత్రం ఎక్కువ చేసే మందులు వాడా జాబితాలో పోటీ సమయంలోనే కాదు, ఏడాది పొడవునా నిషిద్ధం. క్రియాటిన్ వాడి తప్పు చేయని మనిషి, క్రియాటిన్ తెచ్చిన బరువును దించబోయి నిషేధానికి గురవుతాడు. మాత్ర వద్దని ఆవిరి గదినో రబ్బరు సూట్‌నో ఆశ్రయిస్తే, 1997 మరణాల తర్వాత కొన్ని సంస్థలు వాటిని కూడా నిషేధించాయని గుర్తుంచుకోవాలి. పైగా అంతర్జాతీయ రెజ్లింగ్ పోటీల్లో ఒక విభాగం రెండు రోజులు నడిస్తే రెండో రోజు ఉదయం కూడా తూకం ఉంటుంది, కాబట్టి ఒక్క పూట దించి తర్వాత నీళ్లు తాగేస్తే సరిపోదు.

అతను చేయవలసింది ఇది. పోటీకి కనీసం ఎనిమిది వారాల ముందు, ఒకేసారి ఎక్కువ కాకుండా రోజుకు 3 గ్రాములతో మొదలుపెట్టాలి. 20 గ్రాముల చొప్పున ఆరు రోజులు తీసుకుంటే కండరాలు ఎంత నిండుతాయో, 3 గ్రాముల చొప్పున నాలుగు వారాలు తీసుకున్నా దాదాపు అంతే నిండుతాయని పరిశోధన చూపింది. వారానికి రెండుసార్లు ఒకే వేళకు, ఖాళీ కడుపుతో బరువు చూసి రాసుకోవాలి. నాలుగు వారాల తర్వాత బరువు ఎక్కడ నిలకడగా నిలిచిందో ఆ అంకెతోనే తూకం లెక్క వేసుకోవాలి. అది 67.3 వద్ద నిలిచి, అక్కడినుంచి సురక్షితంగా 65కు దిగడం కుదరదనిపిస్తే అప్పుడే ఆపేయాలి. ఆపిన తర్వాత కండరాల్లోని నిల్వ మామూలు స్థాయికి రావడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందుకే ఎనిమిది వారాలకన్నా ఇంకా ముందు మొదలుపెట్టడం మేలు. వ్యవధి అంత లేకపోతే ఈ పోటీకి క్రియాటిన్‌ను వదిలేయడమే సరైన నిర్ణయం.

ఐదో పని: ఆధారాలు దాచుకోండి

కొన్న రసీదు, డబ్బా ఫోటో, బ్యాచ్ నంబరు స్పష్టంగా కనిపించే మరో ఫోటో, ధ్రువీకరణ పేజీ ముద్రణ, సమాఖ్య పంపిన జవాబు: ఇవన్నీ ఒకచోట ఉంచండి. వీలైతే అదే బ్యాచ్‌కు చెందిన సీలు తీయని రెండో డబ్బాను దాచండి. మలినమైన ఉత్పత్తి వల్లే దొరికానని మీరు వాదిస్తే, దాన్ని నిరూపించే భారం మీ మీదే పడుతుంది. తెరిచి వాడిన డబ్బాలో మీరే ఏదైనా కలిపి ఉండవచ్చన్న ప్రశ్న వస్తుంది. సీలు ఉన్న డబ్బాలో కూడా అదే మలినం దొరికితే ఆ ప్రశ్నకు తావుండదు. నిరూపించగలిగినవారికి, వారి తప్పు ఎంత అన్నదాన్ని బట్టి, హెచ్చరిక మొదలుకొని రెండేళ్ల నిషేధం వరకు శిక్ష తగ్గవచ్చు. నిరూపించలేనివారికి ఉద్దేశపూర్వకంగా చేశారన్న తీర్పు వస్తే నాలుగేళ్లు పోతాయి.

పరీక్షకు పిలుపు వచ్చినప్పుడు, డోపింగ్ నియంత్రణ పత్రంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయమంటారు. అక్కడ క్రియాటిన్‌ను కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో సహా రాయండి. అనుమతి ఉన్నదాన్ని రాయడం ఎందుకని వదిలేసేవారు ఉన్నారు, కాని రేపు ఆ డబ్బాను సాక్ష్యంగా చూపవలసి వస్తే, నమూనా ఇచ్చిన రోజే దాని పేరు మీరు రాసి ఉండటం మీ వాదనకు బలం. అలాగే మీ వైద్యుడు రక్తపరీక్ష రాసినప్పుడు క్రియాటిన్ సంగతి ఆయనకు కూడా చెప్పండి. శరీరంలో క్రియాటిన్ విచ్ఛిన్నమై క్రియాటినిన్‌గా మారుతుంది కాబట్టి, మూత్రపిండాలు బాగానే ఉన్నా రిపోర్టులో ఆ అంకె కొంత ఎక్కువగా కనిపించవచ్చు. ముందే మూత్రపిండ సమస్య ఉన్నవారు మాత్రం వైద్యుడు సరేనంటేనే మొదలుపెట్టాలి.